తిథి పుట్టినరోజు ఏ తేదీన వస్తుంది?

శ్రోతలందరికీ నమస్కారం. పిల్లకి తిథి ప్రకారం పుట్టినరోజు చేయండర్రా అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, సరే అంటాం, తీరా అది ఏ తేదీన పడుతుందో చూడమంటే అందరికీ టెన్షన్. ఒక పిల్ల పుట్టినరోజు పట్టుకుని చూద్దాం.

విశాఖ ఎంవీపీ కాలనీలో ఉండే మా అక్క మనవరాలు 2019 ఆగస్టు 15న, రాఖీ పండగ నాడు, పొద్దున్న పది గంటలకి పుట్టింది. అంటే శ్రావణ పౌర్ణమి. కానీ ఆ పౌర్ణమి సాయంత్రం ఆరు కొట్టేలోపే వెళ్లిపోయింది. అదే పిల్ల రాత్రి ఎనిమిదికి పుట్టి ఉంటే తిథి బహుళ పాడ్యమి అయ్యేది, తేదీ మాత్రం అదే ఆగస్టు 15. అందుకే ముందు పుట్టిన టైం కావాలి. దాన్నిబట్టి ఆ ఏటి పంచాంగంలో మాసం, పక్షం, తిథి మూడూ చూసి రాసిపెట్టుకోండి.

ఇక ఏటా తేదీ ఎలా కదులుతుందంటే, చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కాబట్టి పదీ పన్నెండు రోజులు వెనక్కి జరుగుతుంది, అధికమాసం అడ్డొస్తే ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. ఈ పిల్లకి 2020లో ఆగస్టు 3, 2021లో ఆగస్టు 22.

పొరపాటంతా 2023 లాంటి ఏడాదిలోనే జరుగుతుంది. ఆ ఏడు శ్రావణాలు రెండు. ఆగస్టు 1న పౌర్ణమి కనిపిస్తుంది, క్యాలెండర్లో శ్రావణం అనే ఉంటుంది, కానీ అది అధిక శ్రావణం. పిల్ల పుట్టింది మామూలు శ్రావణంలో కాబట్టి మనం చూడాల్సింది నిజ శ్రావణం, నిజ శ్రావణం! ఆ పౌర్ణమి ఆగస్టు 30 పొద్దున్న పదకొండుకి వచ్చి 31 ఉదయం ఏడింటి దాకా ఉంది. మరి 30వ తేదీనా, 31నా? సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజు ఆ తిథిదే. విశాఖలో అప్పుడు ఆరు కాకుండానే సూర్యుడు వచ్చేస్తాడు, కాబట్టి 31. రాఖీకి పద్ధతి వేరు, దాన్ని చూసి పుట్టినరోజు పెట్టకండి. ఒక్కోసారి తిథి రెండు సూర్యోదయాలకి ఉంటుంది, అసలు ఏ సూర్యోదయానికీ లేకుండానూ పోతుంది, అలాంటప్పుడు మీ ఇంటి పురోహితుణ్ణి అడగడమే మంచిదని నా అభిప్రాయం.

2026లో పౌర్ణమి ఆగస్టు 27 ఉదయం తొమ్మిది దాటాక వచ్చి 28 ఉదయం పది లోపు పోతుంది. విశాఖలో సూర్యోదయానికి పౌర్ణమి ఉన్నది 28న, శుక్రవారం. అదే మనవాళ్లు న్యూజెర్సీలో ఉంటే? ఇక్కడ 27 ఉదయం తొమ్మిదంటే అక్కడ 26 రాత్రి పదకొండున్నర. పౌర్ణమి 27 రాత్రి పన్నెండు దాటిన కాసేపటికి, అంటే 28 మొదలైన కాసేపటికే అయిపోతుంది, అంటే సూర్యోదయానికి అది ఉన్నది 27నే. కాబట్టి విదేశాల్లో ఉన్న పిల్లలకి ఇక్కడి పంచాంగం ఫోటో పంపి ఊరుకోకండి, వాళ్ల ఊరు పేరు పెట్టి లెక్క చూడమని చెప్పండి.