మైనర్ పిల్లల ఆదాయం ఎవరి రిటర్నులో చేరుతుంది? గుంటూరు కుటుంబం లెక్కతో ఒక పరిశీలన

సభకు నమస్కారం.

మన గుంటూరు, విజయవాడలలో పిల్లల పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ లేని మధ్యతరగతి ఇల్లు అరుదు. తాతగారు పొలం అమ్మినప్పుడు మనవరాలి పేరిట కొంత వేస్తారు, అన్నప్రాశనకూ పుట్టినరోజుకూ బంధువులు చదివించిన డబ్బు పిల్లవాడి ఖాతాలో పడుతుంది. ఆ డబ్బు పిల్లలది కాబట్టి దాని వడ్డీకి తమ రిటర్నుతో సంబంధం లేదని తల్లిదండ్రులు అనుకుంటారు. చట్టం అలా అనుకోదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 64(1ఎ) ప్రకారం మైనర్ బిడ్డకు వచ్చిన ఆదాయాన్ని తల్లిదండ్రులలో ఒకరి ఆదాయానికి కలిపి లెక్కించాలి. ఈ ఉపవిభాగాన్ని 1992 ఫైనాన్స్ చట్టం చేర్చింది, 1993–94 మదింపు సంవత్సరం నుంచి అమలులోకి వచ్చింది. దానితో పాటే 10(32) కింద ఒక చిన్న ఊరట కూడా ఇచ్చారు. అలా కలిపిన ఆదాయంలో ఒక్కొక్క బిడ్డకు 1,500 రూపాయల వరకు పన్ను ఉండదు. మూడు దశాబ్దాలు గడిచినా ఆ 1,500 పెరగలేదు. ధరలు ఎంత మారాయో చూస్తే ఇది అన్యాయమనే నా అభిప్రాయం, కానీ ఈ రోజు మన పని ఉన్న నియమాన్ని సరిగా అన్వయించుకోవడం.

డబ్బు ఎవరిచ్చారన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. తాతగారు మనవరాలికి ఇచ్చిన బహుమతి మీద పన్ను లేదు, ఎందుకంటే దగ్గరి బంధువు ఇచ్చిన బహుమతికి మినహాయింపు ఉంది. కానీ ఆ బహుమతి మీద ఏటా పుట్టే వడ్డీ మాత్రం బిడ్డ ఆదాయమై తల్లిదండ్రుల లెక్కలోకి వస్తుంది. బిడ్డ తన శారీరక శ్రమతో గానీ, తన నైపుణ్యం, ప్రతిభ, ప్రత్యేక జ్ఞానం ఉపయోగించి గానీ సంపాదించినది కలపనక్కరలేదు. 80యు విభాగంలో చెప్పిన వైకల్యం ఉన్న బిడ్డ ఆదాయాన్నీ కలపరు. సుకన్య సమృద్ధి వంటి పథకాల వడ్డీకి ఎలాగూ పన్ను లేదు కనుక ఆ ప్రస్తావన అవసరం లేదు.

ఇప్పుడు ఒక కుటుంబాన్ని తీసుకుందాం. ఊహించిన లెక్కే గానీ మన బ్రాడీపేటలో ఏ ఇంట్లోనైనా ఉండగలిగినదే. 2024–25 ఆర్థిక సంవత్సరం, అంటే 2025–26 మదింపు సంవత్సరం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు. తండ్రి జీతం 10,50,000, తల్లి జీతం 8,10,000. పద్నాలుగేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి. తెనాలి దగ్గర పొలం అమ్మినప్పుడు తాతగారు అమ్మాయి పేరిట వేసిన 6,00,000 డిపాజిట్ మీద ఆ ఏడాది వడ్డీ 42,000. అమ్మాయి కూచిపూడి నృత్య ప్రదర్శనలు ఇచ్చి 18,000 పారితోషికం అందుకుంది. అంతకు ముందు ఏడాది ప్రదర్శనల్లో వచ్చిన 15,000ను అదే బ్యాంకులో డిపాజిట్ చేస్తే దాని మీద 900 వడ్డీ వచ్చింది. అబ్బాయికి పుట్టినరోజు డబ్బుల డిపాజిట్ మీద 1,100 వడ్డీ.

ముందుగా ఏది కలుస్తుందో చూద్దాం. పారితోషికం 18,000 అమ్మాయి ప్రతిభకు వచ్చిన సొమ్ము. అది ఆమె స్వంత ఆదాయం, పన్ను పరిమితికి చాలా లోపల ఉంది కనుక దాని మీద పన్ను లేదు. అయితే ఆ ప్రతిభతో సంపాదించిన డబ్బునే డిపాజిట్ చేస్తే వచ్చిన 900 మాత్రం ప్రతిభ వల్ల వచ్చింది కాదు, డిపాజిట్ వల్ల వచ్చింది. కనుక అది కలవాలి. చదువుకున్నవారు కూడా ఇక్కడ తడబడడం నేను చాలాసార్లు చూశాను. మూలధనం కష్టార్జితమైతే దాని వడ్డీ కూడా అలాంటిదేనని భావిస్తారు. అలా కాదు. మొత్తం మీద కలవవలసినది అమ్మాయి వైపు నుంచి 42,900, అబ్బాయి వైపు నుంచి 1,100, కలిపి 44,000 రూపాయలు.

రెండో ప్రశ్న, ఈ 44,000 ఎవరి ఆదాయంలో చేరాలి. ఎవరి మొత్తం ఆదాయం ఎక్కువో వారి ఆదాయంలో చేరాలని చట్టం చెబుతుంది. ఈ పోలికలో పిల్లల ఆదాయాన్ని కలపకుండా చూడాలి. జీతం చూస్తే తండ్రిదే ఎక్కువ కనుక జవాబు తండ్రి అనిపిస్తుంది. కానీ చట్టం పోల్చమన్నది జీతాలను కాదు, తగ్గింపులన్నీ పోగా మిగిలే మొత్తం ఆదాయాన్ని. తండ్రి పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నాడు. 10,50,000లోంచి ప్రామాణిక తగ్గింపు 50,000, సొంత ఇంటి రుణ వడ్డీ 2,00,000, 80సి కింద 1,50,000, ఆరోగ్య బీమా 25,000 పోతే మిగిలేది 6,25,000. తల్లి కొత్త విధానంలో ఉంది. అక్కడ ప్రామాణిక తగ్గింపు 75,000 ఒక్కటే, కాబట్టి ఆమె మొత్తం ఆదాయం 7,35,000. తక్కువ జీతం తెచ్చుకునే తల్లి రిటర్నులోనే పిల్లల వడ్డీ చేరాలి. అమ్మాయి వడ్డీ తల్లికి, అబ్బాయి వడ్డీ తండ్రికి అని పంచుకోవడానికి వీలులేదు. ఎక్కువ ఆదాయం ఉన్నవారు ఒక్కరే కనుక ఇద్దరు పిల్లల ఆదాయమూ ఆ ఒక్కరికే వెళుతుంది. తల్లిదండ్రుల వివాహబంధం కొనసాగడం లేనప్పుడు మాత్రం పోలిక ఉండదు, ఆ సంవత్సరం బిడ్డను పోషించినవారి ఆదాయంలో కలుస్తుంది.

విధానం ఎంపిక ఈ పోలికనే మార్చేస్తుందన్నది గమనించండి. అదే తండ్రి కొత్త విధానం ఎంచుకుని ఉంటే ఆయన మొత్తం ఆదాయం 9,75,000 అయ్యేది, అప్పుడు 44,000 ఆయన వైపు వెళ్లేది. కానీ కొత్త విధానంలో ఆయన పన్ను సెస్సు కలపకముందు 47,500, పాతదాంట్లో 37,500. కనుక ఆయన పాతదాన్నే ఎంచుకోవడం సహజం.

ఇక 1,500 సంగతి. పాత విధానంలో అయితే లెక్క ఇలా ఉంటుంది. అమ్మాయి 42,900లోంచి 1,500 తీసేస్తే 41,400. అబ్బాయి వడ్డీ 1,100 మాత్రమే కనుక మినహాయింపు కూడా 1,100 మాత్రమే. మిగిలిన 400 అక్క వైపు మళ్లించడానికి లేదు, అది ఎవరికీ దక్కదు. ఇద్దరు పిల్లలు కాబట్టి 3,000 తీసేయవచ్చని వేసే లెక్క తప్పు. ప్రతి బిడ్డకూ ఆ బిడ్డ ఆదాయం, 1,500, ఈ రెంటిలో ఏది తక్కువైతే అంతే. ఈ కుటుంబానికి వచ్చే మినహాయింపు 2,600.

అయితే తల్లి ఉన్నది కొత్త విధానంలో. 115బిఎసి విభాగం కింద పన్ను కట్టేవారికి 10(32) మినహాయింపు లేదు. 2024–25 మదింపు సంవత్సరం నుంచి కొత్త విధానమే సహజంగా వర్తించేది, పాతది కోరుకుంటేనే వస్తుంది. కనుక అలవాటుగా 1,500 తీసేసి రిటర్ను వేసేవారు ముందు తాము ఏ విధానంలో ఉన్నారో చూసుకోవాలి. మన కుటుంబంలో తల్లి మొత్తం 44,000 కలపాలి. ఆమె ఆదాయం 7,79,000 అవుతుంది. ఆ సంవత్సరపు కొత్త శ్లాబుల ప్రకారం 7 లక్షల వరకు పన్ను 20,000, ఆ పైన 79,000 మీద పది శాతం 7,900, మొత్తం 27,900, నాలుగు శాతం సెస్సుతో 29,016. పిల్లల ఆదాయం వల్ల పెరిగిన పన్ను 4,576 రూపాయలు.

మినహాయింపు పోయింది కదా, పాత విధానానికి మారితే మంచిదా అని ఆమె అడగవచ్చు. ఆమెకు 80సి కింద ఉన్నది 40,000 మాత్రమే. పాత విధానంలో ఆమె స్వంత ఆదాయం 7,20,000, పిల్లల 41,400 కలిపితే 7,61,400. పన్ను 64,780, సెస్సుతో దాదాపు 67,370. 2,600 మినహాయింపు తెచ్చే మేలు ఇరవై శాతం శ్లాబులో సెస్సుతో కలిపి 541 రూపాయలు. దాని కోసం 38,000 పైచిలుకు అదనంగా కట్టడం అర్థం లేని పని. ముప్పై శాతం శ్లాబులో ఉన్నవారికి కూడా ఒక బిడ్డ మీద వచ్చే లాభం, సర్‌చార్జీ లేకపోతే, 468 రూపాయలే. విధానాన్ని ఎంచుకునేటప్పుడు ఇంటి రుణం, 80సి పెట్టుబడులు చూసుకోవాలి గానీ ఈ 1,500 ఆ నిర్ణయంలో బరువు తూగేది కాదు.

ఒకసారి తల్లి ఆదాయంలో కలిపిన తర్వాత వచ్చే ఏడాది తండ్రి ఆదాయం పెరిగిందని అటు మార్చుకోవడం మన ఇష్టం కాదు. మార్చడం అవసరమని మదింపు అధికారి భావిస్తే, సంబంధిత తల్లికో తండ్రికో తమ మాట చెప్పుకునే అవకాశం ఇచ్చి మాత్రమే అలా చేయగలరు. కాబట్టి మొదటి సంవత్సరపు పోలిక లెక్కను కాగితం మీద రాసి రిటర్నుతో పాటు దాచుకోండి.

ఇక బ్యాంకు దగ్గర జరిగే పొరపాటు. ఆ ఏడాది ఒక బ్యాంకులో వడ్డీ 40,000 దాటితే బ్యాంకు పది శాతం పన్నును ముందే, అంటే టీడీఎస్‌గా, కోయాలి. అమ్మాయికి 42,900 వచ్చింది కనుక 4,290 కోత పడుతుంది. దాన్ని తప్పించడానికి చాలామంది అమ్మాయి తరఫున ఫారం 15జి సంతకం చేసి ఇస్తారు. ఆ ఫారం కింద ఉన్న ధ్రువీకరణను ఒకసారి నిదానంగా చదవండి. ఈ ఆదాయం 60 నుంచి 64 వరకు గల విభాగాల కింద మరొకరి ఆదాయంలో కలిసేది కాదని అందులో మీరు ప్రకటిస్తున్నారు. ఇక్కడ అది కలిసే ఆదాయమే కనుక ఆ ప్రకటన అబద్ధం అవుతుంది. సరైన దారి వేరే ఉంది. 37బిఎ నిబంధన ప్రకారం ఈ వడ్డీ తల్లి ఆదాయంలో చేరుతుందని బ్యాంకుకు రాతపూర్వకంగా తెలిపితే, కోసిన పన్నును బ్యాంకు తల్లి పాన్ మీద చూపుతుంది. అలా తెలపకపోతే ఆ 4,290 అమ్మాయి పాన్ మీద, కోసిన పన్నుల వివరాలు చూపే ఫారం 26ఏఎస్‌లో కనబడుతుంది. అప్పుడు తల్లి ఐటీఆర్-2లోని టీడీఎస్ పట్టికలో ఆ పన్ను వేరొకరి పేరిట కోసినదని సూచించి, అమ్మాయి పాన్ నంబరు ఇచ్చి కోరాలి. పిల్లల వివరాలు రిటర్నులో ఇతరుల ఆదాయాన్ని కలిపి చూపే షెడ్యూల్ ఎస్‌పీఐలో వస్తాయి. అమ్మాయికి పాన్ లేకపోతే కోత ఇరవై శాతం అవుతుంది కాబట్టి పెద్ద డిపాజిట్ వేసేముందే పాన్ తీసుకోవడం మేలు.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది కనుక అప్పటి నుంచి విభాగాల సంఖ్యలు వేరుగా ఉంటాయి. నేను చెప్పిన సంఖ్యలు 1961 చట్టానివి, శ్లాబులూ టీడీఎస్ పరిమితీ 2024–25 సంవత్సరానివి. మీ సంవత్సరానికి వర్తించేవి చూసుకుని లెక్క వేయండి.

చివరిగా, అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండే సంవత్సరం. మేజర్ అయిన రోజు వరకు పుట్టిన వడ్డీ మాత్రమే తల్లి ఆదాయంలో కలుస్తుంది, ఆ తర్వాతది అమ్మాయి స్వంతం. సెప్టెంబరు 30న పద్దెనిమిది నిండితే 42,900లో దాదాపు సగం తల్లి రిటర్నులో, సగం అమ్మాయి లెక్కలో పడుతుంది. బ్యాంకు ఖాతాను మేజర్ ఖాతాగా మార్పించి, కొత్త సంతకం, కేవైసీ ఇప్పించి, ఆ తేదీ వరకు వచ్చిన వడ్డీకి వేరుగా పత్రం అడిగి తీసుకోండి. ఆ తర్వాత పుట్టే వడ్డీకి, అమ్మాయి మొత్తం ఆదాయం మీద పన్ను పడని పక్షంలో, ఆమె తన సంతకంతోనే ఫారం 15జి ఇవ్వవచ్చు.