తీగ మీద ఉచ్చులు: భౌతికశాస్త్రం ఫోన్-ఇన్, నల్లగొండ

వ్యాఖ్యాత: నమస్కారం. రెండు చివరలా బిగించిన తీగ మీద ఏర్పడే స్థిర తరంగాల గురించి ఈ రోజు అడగవచ్చు. విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకులు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోను నకిరేకల్ నుంచి. చెప్పండి.

నకిరేకల్ శ్రోత: నమస్కారం సార్. మా మనుమరాలు ఇంటర్ రెండో సంవత్సరం. నిన్న రాత్రి నుంచి ఒకే లెక్క పట్టుకుని కూర్చుంది, అన్నం కూడా సరిగా తినలేదు. నేను వ్యవసాయం చేసేవాణ్ణి, నాకు ఇవన్నీ తెలియవు. పుస్తకంలో జవాబు తప్పు పడిందేమోనని నా అనుమానం. ఆమెకు ఫోనులో మాట్లాడాలంటే బిడియం, అందుకే నేను చేశాను. పుస్తకం పక్కనే పట్టుకుని కూర్చుంది.

అధ్యాపకుడు: మంచిది. బొమ్మలో ఏముందో మీరే చెప్పండి, మీ కంటికి కనిపించినట్టు.

నకిరేకల్ శ్రోత: ఎడమ చివర ఎ, కుడి చివర బి అని ఉన్నాయి. మధ్యలో తీగ మూడుచోట్ల ఉబ్బి ఉంది. మొదటి ఉబ్బు కింద బాణం గీత, దాని మీద 40 సెంటీమీటర్లు. పక్కన పౌనఃపున్యం 90 హెర్ట్జ్. తరంగ వేగం ఎంత అని ప్రశ్న. ఈమెకు 36 వచ్చింది, పుస్తకంలో సెకనుకు 72 మీటర్లని ఉంది.

అధ్యాపకుడు: పుస్తకం సరిగానే ఉంది. సరిగ్గా సగం వచ్చిందంటే పొరపాటు ఎక్కడ జరిగిందో నాకు తెలిసిపోయింది. 40 సెంటీమీటర్లనే తరంగదైర్ఘ్యం అనుకుని 0.4ను 90తో గుణించింది, అవునా?

నకిరేకల్ శ్రోత: అవునట సార్, తల ఊపుతోంది.

అధ్యాపకుడు: తల్లీ, కొలత గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ముందు చూడాలి. తీగ అసలు కదలని చోటును అస్పందన బిందువు అంటాం. ఆ గీత ఒక అస్పందన బిందువు నుంచి పక్క అస్పందన బిందువు దాకా ఉంది. అంటే ఒక్క ఉచ్చు. ఒక ఉచ్చు పైకి ఉబ్బినప్పుడు దాని పక్క ఉచ్చు కిందికి ఉబ్బుతుంది. ఒక పైది, ఒక కిందిది కలిస్తేనే ఒక పూర్తి తరంగం. కాబట్టి ఉచ్చు సగం తరంగదైర్ఘ్యం మాత్రమే. ఇక్కడ తరంగదైర్ఘ్యం 80 సెంటీమీటర్లు, అంటే 0.8 మీటర్లు. 90తో గుణిస్తే 72.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు, తరువాతి...

నకిరేకల్ శ్రోత: ఒక్క నిమిషం సార్, ఇంకొకటి. మూడు ఉబ్బులని నేనే అన్నాను కానీ, ఇప్పుడు చూస్తే పైన మూడు, కింద మూడు ఉన్నాయి. పైవి కొన్ని నిండు గీత, కొన్ని చుక్కల గీత. అప్పుడు ఆరు ఉచ్చులు కావా?

అధ్యాపకుడు: అడగడం మంచిదైంది, చాలామంది విద్యార్థులకు ఇక్కడే చిక్కు. బొమ్మలో ఉన్నది ఒకే తీగ. నిండు గీత ఒక క్షణంలో తీగ ఉన్న తీరు. చుక్కల గీత సగం ఆవర్తన కాలం తరువాత అదే తీగ ఉన్న తీరు. 90 హెర్ట్జ్ అన్నారు కాబట్టి ఆ వ్యవధి సెకనులో 180వ వంతు. కన్ను అంత వేగాన్ని అందుకోలేదు, రెండూ ఒకేసారి కనిపిస్తాయి. అందుకే చిత్రకారుడు రెండూ గీశాడు. పైదీ కిందిదీ కలిపి ఒక్క ఉచ్చు. మూడే.

నకిరేకల్ శ్రోత: మూడే. మరి ఎన్నో అనుస్వరం అని రెండో ప్రశ్న ఉంది. తీగ కదలని చోట్ల పెట్టిన చుక్కలు నాలుగు ఉన్నాయి, నాలుగోది అని రాసిందట.

అధ్యాపకుడు: కాదు కాదు! తీగ ఎన్ని ఉచ్చులతో కంపిస్తే అది అన్నో అనుస్వరం. ఉచ్చులు లెక్కపెట్టండి, అస్పందన బిందువులు కాదు. నలభై ఏళ్ల నుంచి ఇదే చెబుతున్నాను. పెరట్లో పందిరికి నాలుగు గుంజలు వరుసగా పాతితే మధ్యలో ఎన్ని ఖాళీలు?

నకిరేకల్ శ్రోత: మూడు.

అధ్యాపకుడు: గుంజలు అస్పందన బిందువులు, ఖాళీలు ఉచ్చులు. ఇది మూడో అనుస్వరం. సరిచూసుకోవడం కూడా సులువు. తీగ మొత్తం పొడవు ఇచ్చారా?

నకిరేకల్ శ్రోత: ఎ నుంచి బి దాకా 1.2 మీటర్లు అని పైన ఉంది.

అధ్యాపకుడు: నాలుగు ఉచ్చులైతే నాలుగు నలభైలు 160 కావాలి, తీగ 120 మాత్రమే. మూడు నలభైలు 120. సరిపోయింది. ఇక మూడో అనుస్వరం 90 హెర్ట్జ్ అయితే ప్రాథమిక పౌనఃపున్యం అందులో మూడో వంతు, 30. ఒకే ఉచ్చుతో కంపించేటప్పుడు తరంగదైర్ఘ్యం తీగ పొడవుకు రెట్టింపు, 2.4 మీటర్లు. దాన్ని 30తో గుణించమనండి.

నకిరేకల్ శ్రోత: చేస్తోంది... 72 వచ్చింది సార్! మళ్లీ అదే వచ్చింది!

అధ్యాపకుడు: రావాలి. వేగం తీగది, ఉచ్చులది కాదు. ఇప్పుడు ఆ అమ్మాయికి అన్నం పెట్టండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. దేవరకొండ నుంచి.

దేవరకొండ శ్రోత: సార్, మూడో అనుస్వరమే మూడో అతిస్వరమా?

అధ్యాపకుడు: కాదు. ప్రాథమిక స్వరమే ఒకటో అనుస్వరం, దానికి పైన వచ్చే మొదటిదే మొదటి అతిస్వరం. కాబట్టి మూడో అనుస్వరం రెండో అతిస్వరం.

వ్యాఖ్యాత: జడ్చర్ల నుంచి, త్వరగా.

జడ్చర్ల శ్రోత: గాలిలో ధ్వని వేగం దాదాపు 340 కదా సార్, మీరు 72 అన్నారు...

అధ్యాపకుడు: 72 తీగ వెంట పోయే తరంగానిది. తీగ గాలిని సెకనుకు 90 సార్లు కదిలిస్తుంది. గాలిలోనూ పౌనఃపున్యం 90గానే ఉంటుంది, వేగం గాలిది. అక్కడ తరంగదైర్ఘ్యం దాదాపు 3.8 మీటర్లు అవుతుంది. బొమ్మలోని 0.8ను గాలికి వాడకూడదు.

వ్యాఖ్యాత: మహబూబ్‌నగర్ నుంచి ఒక ఉపాధ్యాయురాలు.

మహబూబ్‌నగర్ శ్రోత: నమస్కారం సార్. ప్రయోగశాలలో మేమూ 1.2 మీటర్ల తీగకే బరువు వేలాడదీసి, 90 హెర్ట్జ్ కంపనకారితో మూడు ఉచ్చులు తెప్పించాం. నాలుగు కావాలని బరువు పెంచితే ఉచ్చులు చెదిరిపోయాయి. మా పిల్లలు బరువు ఇంకా పెంచుదాం అంటున్నారు.

అధ్యాపకుడు: తగ్గించాలమ్మా. పౌనఃపున్యం మారదు కదా, నాలుగు ఉచ్చులు అదే 1.2 మీటర్లలో ఇమడాలంటే తరంగదైర్ఘ్యం 0.6 కావాలి, వేగం 54కు దిగాలి. వేగం తన్యత, అంటే బరువు వల్ల తీగలో వచ్చే బిగువు, వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 54ను 72తో భాగిస్తే నాలుగింట మూడు వంతులు, దాని వర్గం పదహారింట తొమ్మిది. ఇప్పుడు 1,600 గ్రాములు వేలాడుతుంటే 900 గ్రాములు ఉంచండి. కొక్కెం బరువు కూడా అందులో కలపాలి, పిల్లలు దాన్ని వదిలేస్తారు.

మహబూబ్‌నగర్ శ్రోత: బరువు మార్చకుండా?

అధ్యాపకుడు: అప్పుడు వేగం 72లోనే ఉంటుంది. కంపనకారిని 120కి తీసుకెళ్లండి. 100 దగ్గరో 110 దగ్గరో తీగ సన్నగా వణుకుతుంది తప్ప ఉచ్చులు నిలబడవు. ఇంకొక మాట. కంపనకారి దగ్గర తీగ కొద్దిగా కదులుతూనే ఉంటుంది, అది కచ్చితమైన అస్పందన బిందువు కాదు. అందుకే ఆ చివర ఉచ్చును కొలవకండి. మధ్యలో రెండు అస్పందన బిందువుల నడుమ కొలవండి.

మహబూబ్‌నగర్ శ్రోత: మేము చివరి ఉచ్చునే కొలుస్తున్నాం సార్. రేపే మారుస్తాం.

వ్యాఖ్యాత: ఒక్క నిమిషమే ఉంది. నాగర్‌కర్నూల్ నుంచి.

నాగర్‌కర్నూల్ శ్రోత: నేను భజనలో తంబురా వాయిస్తాను సార్. తీగను సరిగ్గా మధ్యలో వేలితో తాకీ తాకనట్టు ఉంచి మీటితే పై షడ్జమం పలుకుతుంది. అది కూడా ఇదేనా?

అధ్యాపకుడు: ఇదే! వేలు ఉన్నచోట తీగ కదలలేదు. మధ్యలో కదలిక అవసరమైన ఒకటో అనుస్వరం, మూడోది ఆగిపోతాయి. మధ్యలో అస్పందన బిందువు ఉన్న రెండోది, నాలుగోది మిగులుతాయి. రెండోది రెట్టింపు పౌనఃపున్యం, అదే మీ పై షడ్జమం. పొడవులో మూడో వంతు దగ్గర తాకి చూడండి, పై స్థాయి పంచమం వస్తుంది. అది మన నకిరేకల్ అమ్మాయి బొమ్మలోని మూడు ఉచ్చులే.

నాగర్‌కర్నూల్ శ్రోత: తంబురా పక్కనే ఉంది సార్, ఒక్క క్షణం... ఆ, పలికింది! వినిపించిందా?

అధ్యాపకుడు: వినిపించింది. ఇంకొకసారి మీటండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. ఫోను చేసిన అందరికీ ధన్యవాదాలు.