ఫొటోలో బీగం

అందరికీ నమస్కారం. కడపలో మనం తాళంకప్పను బీగం అనే అంటాం కాబట్టి నేనూ ఆ మాటే వాడతాను.

ఆ మధ్య మా పిన్ని కొడుకు ఫోన్‌లో నాలుగు ఫొటోలు పంపాడు. "అన్నా, పేరున్న కంపెనీ ఇత్తడి బీగం. ఏడు లివర్లంట, సగం ధరకే ఇస్తామంటున్నారు. తీసుకోనా?" అన్నాడు. అదే మోడల్ అసలుది మా గేటుకుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను.

మొదటి ఫొటోలో ఏమీ తేలలేదు, ఫ్లాష్ వెలుగుకు అంతా మెరుస్తోంది. ఫ్లాష్ ఆపి, ఇంకో ఫోన్ టార్చిని బీగానికి పక్కనుంచి, దాదాపు ఆనించినట్టు పెట్టి షాపువాళ్లతో తీయించమన్నాను. అప్పుడు పేరులోని అక్షరాలకు నీడ పడింది. మా గేటు బీగం మీద పేరు ఉక్కు అచ్చుతో కొట్టింది. అక్షరం అంచు పదునుగా, లోపలి అడుగు చదునుగా ఉంది. వాడు పంపినదానిలో అంచులు తడి తగిలిన బెల్లం ముక్కలా మెత్తబడి, అడుగంతా గరుకుగా ఉంది. అంటే పేరు కొట్టింది కాదు, పోతలోనే వచ్చింది.

అసలు బీగాన్నే అచ్చుగా పెట్టి పోత పోస్తే ఇంకో గుర్తు కూడా మిగులుతుంది. ఇత్తడి చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర వంతు కుంచించుకుపోతుంది. 65 మిల్లీమీటర్ల బీగం 64కు దిగుతుంది. స్కేలును బీగం ముఖంతో సమానమైన ఎత్తులో పెట్టి, కొంచెం దూరం నుంచి నిటారుగా ఫొటో తీయించండి. వాలుగా తీస్తే ఆ ఒక్క మిల్లీమీటరు తేడాను నమ్మలేం.

నన్ను బాగా కలవరపెట్టింది మాత్రం బీగంచెవులు. డబ్బాలో వచ్చిన రెండింటినీ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టించాను. మిషన్‌తో కోసినవైతే రెండింటిలో గాట్లు ఒకే లోతుండాలి. ఇక్కడ మూడో గాటు ఒకదానిలో చదునుగా ఉంటే, రెండోదానిలో ఆకురాయితో రాకినట్టు ఏటవాలుగా ఉంది. అయినా రెండూ బీగం తీస్తున్నాయంట! లివర్లంటే బీగం లోపల చెవి ఎత్తే పలకలు. లివర్ బీగంలో ప్రతి లివరూ సరిగ్గా తన ఎత్తుకు లేస్తేనే గడియ కదలాలి. ఇంత తేడా ఉన్నా తెరుచుకుంటోందంటే లోపల లివర్లలో గాడులు వదులుగా కోసుండాలి, లేదా కొన్ని లివర్లు ఉత్తుత్తివే అయ్యుండాలి. అలాంటి బీగానికి పక్కింటి చెవి కూడా పట్టొచ్చు.

ఒక జాగ్రత్త చెప్పాలి. బజారులో చేయించిన డూప్లికేట్ చెవి కూడా ఇలాగే వంకరగా ఉంటుంది, అది చూసి బీగాన్ని నకిలీ అనకండి. ఏళ్ల తరబడి చేతులు పడ్డ అసలు బీగం మీద కూడా అక్షరాలు అరుగుతాయి. అయితే ఆ అరుగుదల పైఅంచుల్లోనే ఉంటుంది, అడుగు మాత్రం చదునుగానే మిగులుతుంది.

బరువు, లోపలి లివర్లు ఫొటోలో కనబడవు. అందుకే చివరికి అయస్కాంతం తీసుకుని షాపుకే పొమ్మన్నాను. పైకమ్మి ఉక్కుదే కాబట్టి దానికి ఎలాగూ అంటుకుంటుంది, కింద ఒంటికి ఆనించి చూడమన్నాను. టక్కున పట్టేసిందని అక్కడి నుంచే ఫోన్ చేశాడు. ఇనుము మీద ఇత్తడి పూత!