బలమైన హోస్ వేశాక ఇంకా తొందరగా ఎందుకు పగిలింది? హాఫ్ ఇంచ్ హైడ్రాలిక్ హోస్ రివ్యూ

నమస్కారం అండి. ఈ రోజు టేబుల్ మీద మూడు హాఫ్ ఇంచ్ హోస్‌లు ఉన్నాయి: 2ఎస్ఎన్, 4ఎస్పీ, 2ఎస్‌సీ. మొదటి రెండూ ఒకే మెషిన్‌లో ఒకే చోట పగిలాయి. మూడోది ఇప్పుడు అక్కడ వేయబోయేది.

ముందు ఆ చోటు ఎలా ఉందో చెబుతాను. పోర్టులు రెండూ పక్కపక్కనే, మధ్య దూరం 300 మిల్లీమీటర్లు. హోస్ యూ ఆకారంలో తిరిగి వస్తుంది. ఒక చివర కదలదు, రెండోది 400 మిల్లీమీటర్లు ముందుకీ వెనక్కీ కదులుతుంది. రిలీఫ్ వాల్వ్ సెట్టింగ్ 210 బార్.

మొదట వేసింది 2ఎస్ఎన్. దీని వర్కింగ్ ప్రెషర్ 275 బార్, బర్స్ట్ ప్రెషర్ కనీసం 1100. అంటే ప్రెషర్ పరంగా ఏ ఇబ్బందీ లేదు. అయినా పగిలింది. దాంతో "ఇంకా గట్టిది వేద్దాం" అని 415 బార్ 4ఎస్పీ వేశారు. అది ఇంకా ముందే పోయింది.

ఇక్కడ చూడాల్సింది ప్రెషర్ కాదండి, బెండ్ రేడియస్. పోర్టుల మధ్య 300 అంటే వంపు రేడియస్ 150 మాత్రమే. స్టాండర్డ్ ప్రకారం 2ఎస్ఎన్‌కి కనీసం 180 కావాలి. 4ఎస్పీలో నాలుగు పొరల స్పైరల్ వైరు ఉంటుంది, బిగుసుగా ఉంటుంది, దానికి 230 కావాలి. హోస్ మీద రాసిన ప్రెషర్ రేటింగ్ ఈ కనీస రేడియస్ పాటించినప్పుడే వర్తిస్తుంది. బలం పెంచామనుకుని వంపు దగ్గర పరిస్థితిని ఇంకా పాడుచేశారు.

ఈ పగిలిన 2ఎస్ఎన్‌ని దగ్గరగా చూడండి. చిరిగింది వంపు బయటి వైపున, హోస్ చివర ఫిట్టింగ్‌ని పట్టి ఉంచే ఫెరూల్‌కి కాస్త వెనక. ఇక్కడ అడ్డంగా కోసి చూపిస్తున్నాను: గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా అయింది. బయటి వైపు వైర్ల మధ్య సందులు పెరిగాయి, లోపలి వైపు వైర్లు ఒకదానిమీదికి ఒకటి ఎక్కాయి. ప్రెషర్ వచ్చిన ప్రతిసారీ హోస్ మళ్లీ గుండ్రంగా మారాలని చూస్తుంది, తగ్గగానే మళ్లీ నొక్కుకుంటుంది. అలా కదిలి కదిలి వైర్లు అలసిపోయి ఒక్కొక్కటే తెగుతాయి.

అన్ని పగుళ్లకీ కారణం ఇదే అనుకోకండి. వైర్లు ఒక్క వంపు దగ్గరే కాకుండా హోస్ పొడవునా అక్కడక్కడా తెగి ఉంటే, ప్రెషర్ స్పైకులు మాటిమాటికీ కొడుతున్నాయని అర్థం. వాల్వ్ ఠక్కున మూసుకున్నప్పుడు వచ్చే ఆ స్పైకుని మామూలు గేజ్ చూపించలేదు, ప్రెషర్ సెన్సర్ పెట్టి కొలవాలి. అది 275 దాటుతుంటే ఎక్కువ రేటింగ్ హోస్ నిజంగానే అవసరం, కానీ దానికి తగ్గ వంపు కూడా ఇవ్వాలి. లోపలి రబ్బరు గట్టిపడి, వంచితే పెళుసుగా చిట్లుతుంటే అది వేడి పని.

ఇక 2ఎస్‌సీ. దీనికీ 275 బారే, కానీ కనీస రేడియస్ 130. మన 150లో సరిపోతుంది. ఈ మూడింటిలో ఈ చోటికి నా ఓటు దీనికే, ఇందులో నాకు అనుమానం లేదు.

పొడవు కూడా లెక్కేసుకోవాలి. యూ వంపుకి 150 ఇంటూ 3.14, అంటే 471. ఫిట్టింగ్ దగ్గర నుంచే వంగకూడదు, అందుకే రెండు వైపులా తలా 40 తిన్నగా ఉంచాను. కదలని చివరని కదలిక మధ్యకి ఎదురుగా పెట్టాం కాబట్టి 400లో సగం, 200 కలపాలి. మొత్తం 751. ప్రెషర్ ఎక్కితే హోస్ 4 శాతం దాకా కుదించుకోవచ్చు, అందుకని 785 దగ్గర కోయించాలి. ఫిట్టింగ్‌ల పొడవు దీనికి వేరే.

బిగించేటప్పుడు హోస్ మీద ప్రింట్ అయిన గీతని చూస్తూ ఉండండి. అది తిన్నగా ఉండాలి. మెలి తిరిగి కనిపిస్తే హోస్‌కి ట్విస్ట్ పడినట్టే, ప్రెషర్ వచ్చినప్పుడల్లా మెలి విప్పుకోవాలని చూసి ఫిట్టింగ్ దగ్గరే ఒత్తిడి పెడుతుంది. ఒక స్పానర్‌తో హోస్ ఫిట్టింగ్‌ని పట్టుకుని, రెండో స్పానర్‌తో నట్టు తిప్పండి. కదలిక కూడా వంపు ఉన్న ప్లేన్‌లోనే ఉండాలి. పక్కకి కదిలితే మీరు ఎంత జాగ్రత్తగా బిగించినా మెలి పడుతుంది.

బిగించాక లీక్ వెతకడానికి చెయ్యి పెట్టకండి, దయచేసి. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కే కనబడినా అది ఆపరేషన్ అవసరమయ్యే ఎమర్జెన్సీ, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అట్టముక్కతో వెతకండి.

మీ మెషిన్‌లో పోర్టుల మధ్య దూరం 260 కన్నా తక్కువైతే ఈ 2ఎస్‌సీ కూడా పనికిరాదు. అప్పుడు హోస్ మార్చడం కన్నా ఒక చివర 90 డిగ్రీల ఎల్బో ఫిట్టింగ్ వేసి రూటు మార్చుకోవడమే దారి.