ఇల్లు చూసి వెళ్ళి మౌనం వహించిన వారికి నేను పంపే నాలుగు సందేశాలు

అందరికీ నమస్కారం. ప్రస్తుతం నేను టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, అమ్మకానికి ఉన్న ఒక ఇంటి ముందు కారు ఆపుకుని కూర్చున్నాను. మూడు వారాల కిందట, ఒక శనివారం, తెలుగు దంపతులు ఒకరు ఈ ఇంటిని నలభై నిమిషాల సేపు చూసి, "ఆలోచించి చెబుతామండీ" అని వెళ్ళారు. ఆ తరువాత నిన్నటి వరకూ వారి నుంచి ఉలుకూ పలుకూ లేదు. రియల్ ఎస్టేట్ ఏజెంటుగా ఇటువంటి మౌనం నాకు కొత్త కాదు కనుక, ఆ మూడు వారాల్లో వారికి నేను ఏమేమి పంపానో, ఎందుకు పంపానో ఈ రోజు వివరంగా చెబుతాను.

లైసెన్సు తీసుకున్న కొత్తలో నేను ఒకే సందేశాన్ని మార్చి మార్చి పంపేదాన్ని: "ఏమనుకున్నారండీ?" వారంలో నాలుగుసార్లు అలా అడిగిన ఒక కుటుంబం నా నంబరునే బ్లాక్ చేసింది. ఆ ప్రశ్నలో వారికి ఉపయోగపడేది ఏదీ లేదని, జవాబు చెప్పవలసిన బరువు మాత్రమే ఉందని నాకు ఆలస్యంగా అర్థమైంది. అప్పటి నుంచి ఇల్లు చూపించేటప్పుడే, వారు ఏ చోట ఎక్కువసేపు ఆగారో ఫోనులో రాసుకుంటున్నాను. ఈ దంపతుల విషయంలో అవి రెండు. ఆయన గుమ్మం ముందు నిలబడి ఫోనులో దిక్సూచి తెరిచి తూర్పు ముఖమని నిర్ధారించుకున్నారు. ఆవిడ మాత్రం వివరాల కాగితంలో ఆస్తి పన్ను రాసి ఉన్న గడి దగ్గర వేలు పెట్టి, ఏమీ అడగకుండానే కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు.

మొదటి సందేశాన్ని అదే సాయంత్రం పంపాను. వంటగది, వెనుక పెరడు ఫోటోలు రెండు పెట్టి, వచ్చినందుకు ధన్యవాదాలు చెప్పాను. ప్రశ్న ఏదీ అడగలేదు.

రెండవది మంగళవారం పంపాను. నా దృష్టిలో అసలైన సందేశం ఇదే. కాగితంలో ఏడాది పన్ను తొమ్మిది వేల డాలర్లని ఉంది. అయితే ప్రస్తుత యజమానికి అరవై ఐదేళ్ళు దాటాయి. టెక్సాస్‌లో ఆ వయసు వారు నివసించే ఇంటికి ఆస్తి పన్నులో బడులకు వెళ్ళే భాగం ఒక పరిమితి దాటి పెరగదు, ఆ వెసులుబాటు కొత్తగా కొన్నవారికి రాదు. ఆరు లక్షల డాలర్ల ఇంటికి మొత్తం రేటు సుమారు రెండు శాతం చొప్పున లెక్క వేస్తే వీరికి పన్ను పన్నెండు వేలకు చేరుతుంది, అంటే నెలకు మరో రెండు వందల యాభై డాలర్లు అదనం. తరువాత, సొంతంగా నివసించే ఇంటికి పన్నులో ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు కోసం దరఖాస్తు చేసుకుంటే కొంత తగ్గుతుందని కూడా రాశాను. ఇలా నిజం చెబితే బేరం పోతుందేమోనని ఒక స్నేహితురాలు నన్ను హెచ్చరించింది. కానీ ఆ లెక్క వారు ఇంట్లో ఎలాగూ వేసుకుంటారు. అది నా నుంచి రాకపోతే నేను దాచానని అనుకుంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మౌనంగా ఉన్న మనవారిని కదిలించడానికి "ఆ వీధిలో అంతా తెలుగువాళ్ళేనండీ" అని రాయాలని మనసు లాగుతుంది. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం మతం, జాతీయ మూలం వంటి వాటిని బట్టి కొనుగోలుదారుని ఒక ప్రాంతం వైపు నడిపించడం చట్టవిరుద్ధం, వారే అడిగినా సరే ఏజెంటు ఆ మాట చెప్పకూడదు. గుడికి ఎంత దూరమో మ్యాపులో చూసుకోమనడం వరకే నా హద్దు.

మూడవ సందేశాన్ని తొమ్మిదవ రోజు, ధర పదిహేను వేలు తగ్గిన గంటలోనే పంపాను. ఇంటి విషయంలో నిజంగా ఏదైనా మారితేనే ఈ సందేశం ఉంటుంది. మార్పేమీ లేకపోతే ఈ మెట్టును వదిలేస్తాను. దీనికి రెండు నీలి టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. చదువుతున్నారంటే విసుగు పుట్టలేదని, అడ్డంకి ఇల్లు కాదు, మరేదో ఉందని నేను గ్రహించాను.

నాలుగవది నిన్న సాయంత్రం పంపాను. "ఈ ఇల్లు వద్దనుకున్నా, వేరే ఏజెంటుతో అగ్రిమెంటు చేసుకున్నా ఒక్క మాట చెప్పండి, నేను ఇక సందేశాలు పంపను. కేవలం సమయం కుదరక ఆగి ఉంటే, ఏ నెలలో పలకరించమంటారో చెప్పండి" అని రాశాను. "కాదు" అనడానికి దారి తెరిస్తే మొహమాటం తగ్గుతుంది. పావుగంటలో ఆవిడ నుంచి జవాబు వచ్చింది: "సారీ అక్కా, అపార్ట్‌మెంట్ లీజు మే 31 వరకూ ఉంది, మధ్యలో వదిలితే రెండు నెలల అద్దె కట్టాలి. ఆ మాట చెప్పడానికి మొహమాటపడ్డాం."

వారి లీజు ప్రకారం ఖాళీ చేయడానికి అరవై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒప్పందం కుదిరాక ఇల్లు చేతికి రావడానికి నెల నుంచి నెలన్నర పడుతుంది. అందుకని క్యాలెండరులో మార్చి మొదటి వారానికి వారి పేరు రాసుకుని, దాని పక్కనే "తూర్పు ముఖం, పన్ను ముందే చెప్పాలి" అని గుర్తు పెట్టుకున్నాను. అంతవరకూ నెలకొక సందేశం పంపమని ఆవిడే అన్నారు. పదకొండు గంటలకు ఇదే ఇంటిని చూడడానికి మరొకరు వస్తున్నారు, తలుపు తీయాలి.