ఒక అతిథి, రెండు భాషలు, రెండే నిమిషాలు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాకే చదివారు, నేను మళ్లీ చదవను. ఇవాళ ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన గురించి చెప్పమనే నన్ను పిలిచారు, చెబుతాను. కానీ సభలు నడిపే కుర్రాళ్లు, టీచర్లు, సంఘాల అమ్మలు ఇంతమంది ఇచ్ఛాపురంలో ఒకేచోట మళ్లీ ఎప్పుడు దొరుకుతారో తెలీదు. అందుకని చాన్నాళ్లుగా మనసులో ఉన్న మాట ముందు చెప్పేస్తాను.

మన వైపు ఏ సభ పెట్టినా ముందు వరసల్లో తెలుగు వాళ్లు, ఒడియా వాళ్లు కలిసే కూర్చుంటారు. అతిథిని రెండు భాషల్లో పరిచయం చేస్తాం. చెయ్యాలి కూడా. చేసే పద్ధతి దగ్గరే తేడా వస్తోంది.

ఆ మధ్య ఉద్దానంలో ఒక ఊళ్లో కిడ్నీ జబ్బు గురించి సభ పెట్టారు. బ్రహ్మపురం నుంచి ఒక డాక్టరు గారు వచ్చారు. డయాలసిస్‌కి వెళ్లివస్తున్న వాళ్లు, వాళ్లను పట్టుకుని వచ్చిన ఇంటివాళ్లు ముందు కూర్చున్నారు. ఒకాయన కాగితం తీసి డాక్టరు గారి చదువు, డిగ్రీలు, పనిచేసిన చోట్లు, సన్మానాలు అన్నీ తెలుగులో చదివి, "వారిని మాట్లాడవలసిందిగా కోరుతున్నాను" అన్నారు. చప్పట్లు కొట్టారు, డాక్టరు గారు లేచి మైకు దగ్గరకు వచ్చారు. అప్పుడు ఇంకొకాయన మైకు అందుకుని అదే కాగితం ఒడియాలో మొదలుపెట్టారు. డాక్టరు గారు చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు. తెలుగు వాళ్లు కబుర్లలో పడ్డారు, ఇద్దరు ముగ్గురు టీకి లేచారు. రెండోసారి చప్పట్లు వచ్చేసరికి సగం మందికి ఆయన ఎందుకు వచ్చారో గుర్తులేదు. ఉప్పు ఎంత తినాలి, నొప్పి మాత్రలు ఎందుకు మింగకూడదు అని అడగాలని వచ్చిన మనుషులు వాళ్లు! నాకు ఇప్పటికీ బాధే.

అక్కడ చెడింది ఎక్కడో చూడండి. "మాట్లాడవలసిందిగా కోరుతున్నాను" అన్న మాట మొదటి భాషలోనే పడిపోయింది. ఆ మాట పడ్డాక చప్పట్లు ఆగవు, అతిథి కూర్చోరు. కాబట్టి పిలుపు ఒక్కసారే, రెండో భాష చివర్లోనే. మొదటి భాషలో పేరు చెప్పండి, ఎందుకు వచ్చారో చెప్పండి, అక్కడితో ఆపి, నేరుగా రెండో భాషలోకి వెళ్లిపోండి. "ఇప్పుడు ఇదే విషయం ఒడియాలో" అని అస్సలు అనకండి. ఆ ముక్క వినగానే తెలుగు వాళ్లు ఫోన్లు తీస్తారు.

ఇంకో సంగతి మీకు తెలిసిందే. ఈ హాల్లో చాలామందికి రెండు భాషలూ ఎంతో కొంత అర్థమవుతాయి. అలాంటివాళ్లకు చెప్పిందే మళ్లీ చెబితే రెండోసారి ఎందుకు వింటారు? అందుకే అనువాదం వద్దంటాను. పంచి చెప్పాలి. రెండు భాషల్లోనూ తప్పక రావలసినవి మూడే: పేరు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఇవాళ దేని గురించి మాట్లాడతారు. మిగతాది తెలుగులో ఒకటి, ఒడియాలో వేరొకటి. డిగ్రీలు, సన్మానాలు ఆహ్వాన పత్రికలో వేస్తారు, ఫ్లెక్సీ మీద వేస్తారు, నోటితో మళ్లీ ఎందుకు?

ఉత్తినే చెబితే గాలిలో ఉంటుంది. గిడుగు వారినే తీసుకుందాం. ఆయన ఇప్పుడు ఈ వేదిక మీద ఉన్నారనుకోండి, మాతృభాషలో చదువు గురించి మాట్లాడబోతున్నారనుకోండి. మీరు పరిచయం చేయాలి. తెలుగులో ఇలా చెప్పొచ్చు:

"మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన మనిషి. మనం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే పాఠాలు, పుస్తకాలు ఉండాలని పండితులతో ఏళ్ల తరబడి తలపడ్డారు. ఈ రోజు మీ పిల్లల పుస్తకంలో వాక్యం అర్థమవుతోందంటే అందులో ఆయన కష్టం ఉంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి నుంచి వచ్చారు, తల్లిభాషలో చదువు గురించి మాట్లాడతారు."

అంతే. ఇక ఒడియా. నేను తెలుగులోనే చెబుతున్నా, మీరు ఒడియాలో ఊహించుకోండి:

"పర్లాకిమిడిలో మీ పెద్దల్లో ఎందరికో పాఠం చెప్పిన మాస్టారు, రామమూర్తి గారు. అక్కడి కొండల్లో ఉండే సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటల్లోనే వాచకాలు రాశారు. మన్యం జ్వరానికి క్వినైన్ వాడగా వాడగా వినికిడి తగ్గిపోయింది, అయినా ఆ పని మానలేదు. ఏ పిల్లయినా తల్లిభాషలో ఎందుకు చదువుకోవాలో ఆయనే చెబుతారు. దయచేసి రండి, మాస్టారూ."

చూశారా, ఊరు, పేరు, విషయం రెండింట్లో ఉన్నాయి. తెలుగు వాళ్లకు పుస్తకం సంగతి దొరికింది, ఒడియా వాళ్లకు తమ ఊరి మాస్టారు దొరికారు, రెండూ వచ్చినవాళ్లకు రెండూ దొరికాయి. నింపాదిగా చదివినా మొత్తం రెండు నిమిషాలు దాటదు. నమ్మకపోతే ఫోన్‌లో రికార్డు చేసి చూసుకోండి. దాటితే ఎక్కువసేపు పట్టిన భాషలోంచే ఒక వాక్యం తీసెయ్యండి. రెండింట్లోనూ సమానంగా కోస్తే రెండూ చప్పబడతాయి.

ఆప్యాయత ఎక్కడుంది అందులో? "మీ పిల్లల పుస్తకం", "మీ పెద్దలకు పాఠం చెప్పిన మాస్టారు". వింటున్నవాళ్ల బతుకులో అతిథి ఎక్కడ తగులుతారో అదొక్కటి పట్టుకోవాలి. అది ఒక్కో గుంపుకి ఒక్కోలా ఉంటుంది, అందుకే అనువాదానికి లొంగదు. కిడ్నీ డాక్టరు గారి విషయంలో కూడా అంతే, "మన ఉద్దానం రోగులను ఆయన ఆస్పత్రిలో చూస్తారు" అన్న ఒక్క ముక్క చాలు, నిజమైతేనే అనుకోండి. అతిథికి ముందురోజు ఫోన్ చేసి అడిగితే ఆయనే చెబుతారు. అదే ఫోన్‌లో ఆయన పేరు ఆయన నోటితో పలికించుకోండి. జగన్నాథ అని మనం చదివే పేరు ఒడియాలో జొగొన్నాథొ అని వినిపిస్తుంది. ఒడియా భాగంలో పేరు ఒడియాలాగే పలకాలి. సొంత పేరు తప్పు పలికిన చోట మనిషికి ఎంత ముచ్చటగా చెప్పినా చెవికెక్కదు.

ఒక జాగ్రత్త గట్టిగా చెబుతాను. ఒక భాషలో అనలేనిది రెండో భాషలో అనకండి. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమై పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు గిడుగు వారు ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అది చరిత్ర. తెలుగు భాగంలో ఆ సంగతి ఎత్తితే చప్పట్లు వస్తాయి. మరి అదే నోటితో ఒడియాలో ఏం చెబుతారు? దాచేస్తారా? పక్కనున్న ఒడియా ఆయనకు తెలుగు వచ్చు, వింటూనే ఉన్నారు. ఆ సంగతి ఉపన్యాసంలో, చర్చలో రావాలి, రెండు వైపులా చెప్పుకోవాలి. పరిచయానికి ఉన్న రెండు నిమిషాలు దానికి సరిపోవు.

మీకు ఒడియా సరిగా రాకపోతే అక్షరాలు తెలుగులో రాసుకుని గబగబా చదవకండి, వచ్చినవాళ్లను పక్కన నిలబెట్టుకోండి. ఇద్దరూ ముందే మైకు దగ్గర ఉండాలి. ఒకరు దిగి ఇంకొకరు ఎక్కేలోపు సభ చెదిరిపోతుంది. ఎవరు ఏ సంగతి చెప్పాలో ముందే పంచుకోండి, లేకపోతే ఇద్దరూ ఒకటే చెబుతారు.

సరే, నా ఉపన్యాసం సగం ఇక్కడే అయిపోయింది, మిగతా సగం గిడుగు వారిది. దానికి ముందు ఇద్దరు లేవండి, ఒకరు తెలుగు, ఒకరు ఒడియా. మధ్యాహ్నం జీడితోటల రైతులతో మాట్లాడే అతిథి వస్తున్నారు కదా, ఆయన్ని పరిచయం చేసేది ఎవరు? నువ్వేనామ్మా? రా తల్లీ, కాగితం అక్కడే పెట్టేసి రా. ఆయన గురించి ఈ ఊరివాళ్లకు ఏం చెబుతావో నాకు ఒక్క ముక్కలో చెప్పు.