పాట విడుదలకు ముందు లింకు సంగతి

శ్రోతలందరికీ నమస్కారం. ఏ సంస్థ అండా లేకుండా సొంతంగా పాట చేసి విడుదల చేసే కళాకారులు తడబడేది చాలాసార్లు ప్రకటనలోని మాటల దగ్గర కాదు, ఆ ప్రకటనలో ఇచ్చే లింకు దగ్గర. నా మొదటి పాటతోనే ఈ సంగతి నాకు తెలిసివచ్చింది.

ఆ పాటను శుక్రవారం విడుదల చేయదలచి, సోమవారం నాడు ఆడియో ఫైలునూ ముఖచిత్రాన్నీ డిస్ట్రిబ్యూటరుకు, అంటే పాటను స్ట్రీమింగ్ యాప్‌లకు చేరవేసే మధ్యవర్తికి పంపి, మంగళవారమే అందరికీ చెప్పేశాను. శుక్రవారం పొద్దున పాట వచ్చింది, కానీ నా పేరే ఉన్న మరో గాయకుడి పేజీలో వచ్చింది. నా పేజీ తెరిచినవారికి అక్కడ ఏమీ కనబడలేదు. అది సరిదిద్దించేసరికి వారం గడిచింది, అప్పటికి వినాలన్న వారి ఆసక్తి చల్లారిపోయింది.

రెండవ పాటకు క్రమం మార్చాను. విడుదలకు నాలుగు వారాల ముందే ఫైళ్లు పంపి, ఫారంలో పేరు రాసి ఊరుకోకుండా నా కళాకారుల పేజీ చిరునామాను కూడా జతచేశాను. పేరు ఇద్దరికి ఉండవచ్చు గాని, పేజీ చిరునామా ఒక్కరిదే. కొద్దిరోజులకు ఆ పాట నా ఖాతాలో రాబోయే విడుదలల కింద కనిపించింది. ఈ గడువుకు మరో ప్రయోజనం కూడా ఉంది: స్పాటిఫైలో విడుదలకు కనీసం 7 రోజుల ముందు పాటను అక్కడ పాటల జాబితాలు కూర్చే సంపాదకుల పరిశీలనకు సమర్పిస్తే, అది మనల్ని అనుసరించేవారికి వారం వారం కొత్త పాటలు చూపే రిలీజ్ రాడార్ జాబితాలో చేరుతుంది. సంపాదకులు తమ జాబితాలకు ఎంచుకుంటారన్న హామీ మాత్రం లేదు.

ఇవన్నీ అయ్యాకే ప్రీ-సేవ్ లింకు తయారుచేసి ప్రకటించాను. శ్రోత దాన్ని నొక్కి తన ఖాతాతో అనుమతి ఇస్తే, విడుదలైన రోజు పాట తనంతట తానే అతని లైబ్రరీలో చేరుతుంది. ఖాతా అనుమతి అడగగానే కొందరు సందేహించి వెనుదిరుగుతారు కాబట్టి, ఆ అనుమతి ఎందుకో ప్రకటనలోనే ఒక వాక్యంలో చెప్పడం మంచిది.

విడుదల సమయం గురించి కూడా స్పష్టంగా చెప్పాలి. సాధారణంగా పాట ఏ దేశంలోనైనా అక్కడి అర్ధరాత్రికి తెరుచుకుంటుంది. న్యూజిలాండ్‌లో వినడం మొదలుపెట్టిన చాలా గంటలకు గాని అమెరికాలో అది వినబడదు. ఈ మాట ముందే చెప్పకపోతే, దూరాన ఉన్నవారు లింకు పనిచేయడం లేదనుకుంటారు.

రేడియోలో ప్రకటించేటప్పుడు వినేవారు లింకును నొక్కలేరు, గుర్తుంచుకుని టైపు చేయాలి. అందుకే అంకెలూ అడ్డగీతలూ లేని పొట్టి చిరునామా ఒక్కటే ఎంచుకుని, అక్షరం అక్షరం రెండుసార్లు చదవాలి. అదే చిరునామా విడుదల రోజున ప్రీ-సేవ్ పేజీకి బదులు పాట పేజీకి తీసుకువెళ్లేలా మార్చి, మన ఖాతా లేని మరొకరి ఫోనులో తెరిచి చూసుకోవాలి.